నారు ధర తప్పు చెప్పాం, ఇప్పుడు ఏం చేయాలి? నర్సరీ రైతులు క్షమాపణ లేఖ రాసే ముందు, రాసేటప్పుడు

మిరప నాట్ల సమయంలో నర్సరీ నడిపే రైతుల నుంచి వచ్చే ఫోన్లలో చీడపీడల గురించే ఎక్కువ ఉంటాయి. కానీ ఏటా ఒకటి రెండు ఫోన్లు వేరే రకంగా ఉంటాయి. "సార్, నారు ధర తప్పు చెప్పేశాం. ఆయన ఆ ధరకే కావాలంటున్నాడు. ఇవ్వాలా, వద్దా?" అని. పోయిన ఖరీఫ్‌లో మా మండలంలోని ఒక చిన్న షేడ్‌నెట్ నర్సరీలో ఇదే జరిగింది. ఆ దంపతులతో కూర్చుని లెక్క వేసింది, లేఖలు రాసింది నేనే కాబట్టి వివరంగా చెబుతాను. కొట్లాటలు రాకూడదని పేర్లు, ఊరు చెప్పడం లేదు. ధరలు ఆ నర్సరీవి. మీ దగ్గర వేరుగా ఉండవచ్చు, కానీ లెక్క వేసే పద్ధతి ఒకటే.

పొరపాటు ఎలా జరిగింది

నర్సరీల్లో నారుకు రెండు ధరలు ఉంటాయని మీకు తెలుసు. విత్తనం నర్సరీవాళ్లదే అయితే ఒక ధర. రైతే విత్తనం ప్యాకెట్లు తెచ్చి ఇస్తే పెంపకం ఖర్చు మాత్రమే తీసుకునే ధర మరొకటి. ఈ నర్సరీలో మొదటిది మొక్కకు 1 రూపాయి 30 పైసలు, రెండోది 50 పైసలు. ఈ రెండూ రాసి ఉన్న మెసేజును ఫోన్లో సిద్ధంగా ఉంచుకుని, అడిగిన వాళ్లకల్లా పంపుతారు. జూన్‌లో వాళ్లబ్బాయి ఆ మెసేజును చిన్నది చేద్దామని కొంత తీసేశాడు. అందులో "మీరు విత్తనం ఇస్తే" అన్న మాట, దాని పైన ఉన్న వరుస రెండూ పోయాయి. మిగిలింది ఇది: "హైబ్రిడ్ మిరప నారు, ప్రోట్రేలలో, మొక్కకు 50 పైసలు."

జూన్ 18న ఆ మెసేజు చూసి ఒక యువరైతు రెండెకరాలకు 24 వేల మొక్కలు చెప్పాడు. అదే రోజు 3 వేల రూపాయలు అడ్వాన్సు పంపాడు. నర్సరీవాళ్లు అడ్వాన్సు రాసుకున్నారు, రకం రాసుకున్నారు. ధర ఎలాగూ మెసేజులో ఉంది కదా అని రాసుకోలేదు. జూన్ 22న తమ విత్తనమే ట్రేలలో వేశారు. జులై 26 సాయంత్రం మరో రైతు, పదిహేనేళ్లుగా మిరప వేస్తున్న మనిషి, తనకు చేరిన అదే మెసేజుకు "సరే, 60 వేలు వేయండి" అని జవాబిచ్చాడు. అడ్వాన్సు ఇవ్వలేదు. జులై 28న యువరైతుకు బిల్లు రాయబోతే "50 పైసలే కదా" అన్నాడు. అప్పుడు మెసేజు తెరిచి చూసుకున్నారు.

నాకు ఫోన్ చేసింది ఆ ఇంటి ఆవిడ. ఆమె మొదటి ప్రశ్న లేఖ గురించి కాదు. "విత్తనం మాదైతే 50 పైసలకు ఎవరిస్తారు సార్, అతనికి తెలియదా?" అని. ఆ ప్రశ్నకు జవాబు దొరికితేనే మిగతాది తేలుతుంది. అయితే జవాబు ఇద్దరు కొనుగోలుదార్లకూ ఒకటి కాదు.

ముందుగా ఫోన్ తెరిచి ఆ మెసేజు ఇంకెవరెవరికి వెళ్లిందో చూడమన్నాను. ఇంకా నలుగురికి వెళ్లింది, వాళ్లెవరూ జవాబివ్వలేదు. ఆ నలుగురికీ అప్పుడే సరైన ధరలు పంపించాం. కొనేవాళ్లు ఇంకా ఒప్పుకోకముందే ధర సరిచేస్తే ఎవరికీ నష్టం లేదు, క్షమాపణ కూడా ఒక్క వాక్యం చాలు. ఈ పని ఆలస్యమైతే మర్నాటికి మూడో బేరం కూడా తప్పు ధరకే కుదిరిపోవచ్చు.

నష్టం ఎంత అన్నది రెండు రకాలుగా చూడాలి

"మొక్కకు 80 పైసలు పోతున్నాయి, 24 వేల మొక్కలకు 19,200 రూపాయలు పోయినట్టే" అని ఆయన లెక్క. తప్పు కాదు. కానీ ఆ 19,200లో జేబులోంచి పోయేది వేరు, రావాల్సిన లాభం రాకపోవడం వేరు. విడదీసి చూశాం. మొలకెత్తక పోయినవి కూడా కలుపుకుంటే మొక్కకు విత్తనం ఖర్చు 65 పైసలు. కొబ్బరి పొట్టు, ట్రేల అరుగుదల, కూలి, మందులు, నీళ్లు, నెట్ ఖర్చు కలిపి 35 పైసలు. అంటే అసలు ఖర్చు రూపాయి, లాభం 30 పైసలు. 50 పైసలకు ఇస్తే మొక్కకు 50 పైసల చొప్పున 12 వేలు చేతి నష్టం. మిగిలిన 7,200 రాని లాభం.

12 వేలు ఆ ఇంటికి చిన్న మొత్తం కాదు. మొక్కకు 30 పైసల లాభంతో ఆ డబ్బు మళ్లీ రావాలంటే 40 వేల మొక్కలు అమ్మాలి. ఈ సంగతి దాచిపెట్టుకుని "మాట మాటే" అనేయడం నాకు ఇష్టం లేదు. ఇచ్చే ముందు ఎంత ఇస్తున్నామో తెలిసి ఉండాలి.

ఇక్కడే చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. యువరైతు నారుకు ఆ రోజుకు 36 రోజులు. మిరప నారు ప్రోట్రేలలో 35 నుంచి 40 రోజులకు నాటడానికి వస్తుంది. 45 రోజులు దాటితే మొక్క సాగిపోతుంది, గుండలో వేర్లు చుట్టలు చుట్టుకుపోతాయి. అలాంటిది పొలంలో వేశాక త్వరగా తేరుకోదు. అందుకే ముదిరిన నారు ఎవరూ పూర్తి ధరకు కొనరు. అంటే యువరైతును కాదంటే, ఆ 24 వేల మొక్కలను అదే రకం కోరుకునే ఇంకొకరికి వారం పది రోజుల్లో అమ్ముకోవాలి. అందరూ ఆ రకమే అడుగుతున్నారంటే 1 రూపాయి 30 పైసలకే పోతాయి, అప్పుడు ఇతనికి ఇవ్వడం వల్ల నిజంగానే 19,200 పోయినట్టు. అలా కాకుండా సగం మొక్కలు 70 పైసలకు పోయి, మిగతా సగం గట్టున పారబోయాల్సి వస్తే చేతికి వచ్చేది 8,400 మాత్రమే. ఇతనికి 50 పైసలకు ఇస్తే వచ్చేది 12 వేలు. నారు మీద పెట్టిన 24 వేల ఖర్చు రెండు దారుల్లోనూ ముందే అయిపోయింది, అది తిరిగి రాదు.

మేం ఆ సాయంత్రమే నాలుగైదు చోట్ల విచారించాం. ఆ రకం పది పన్నెండు వేల మొక్కలకు మించి అడిగేవాళ్లు కనిపించలేదు. అందుకే "19,200 నష్టం" అన్న మాట కాగితం మీద ఉన్నంత పెద్దది కాదని వాళ్లకూ అర్థమైంది.

అనుభవం ఉన్న రైతు విషయంలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 60 వేల మొక్కలకు ఇంకా విత్తనం కొనలేదు, ట్రేలు నింపలేదు. ఇప్పుడు 50 పైసలకు ఒప్పుకుంటే 60 వేల రూపాయలు కొత్తగా ఖర్చు పెట్టి 30 వేలు తెచ్చుకోవడం అవుతుంది. ముదిరిపోయే సరుకు లేదు, ఆగిపోయే పని లేదు.

కొన్న మనిషి ఏం నమ్మి ఏం చేశాడు

మన లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. యువరైతు అంతకుముందు పత్తి వేసేవాడు, మిరప వేయడం ఇదే మొదటిసారి. నారు ఎంత ఉంటుందో అతనికి అంచనా లేదు. పైగా విత్తనం తెచ్చి ఇమ్మని వీళ్లు అడగలేదు, అతను ఇవ్వలేదు. తన దృష్టిలో 50 పైసలంటే నారు మొత్తం ధరే. ఆ ధర నమ్మి అడ్వాన్సు ఇచ్చాడు, ఇంకో నర్సరీకి వెళ్లలేదు, దుక్కి చేయించి అచ్చు తోలించి పెట్టుకున్నాడు. జులై 31న నాట్లకు కూలీలను మాట్లాడుకున్నాడు. ఇప్పుడు "19,200 ఎక్కువ కట్టు" అంటే అతనికి వేరే దారి లేదు. మూడు రోజుల్లో అదే రకం, అదే వయసు నారు 24 వేలు ఎక్కడ దొరుకుతుంది?

ఆయన ఒక మధ్యేమార్గం చెప్పాడు. "లాభం వద్దు, ఖర్చు రూపాయి ఇమ్మందాం." వినడానికి న్యాయంగానే ఉంది. చాలా సందర్భాల్లో నేను కూడా అదే చెబుతాను. అడ్వాన్సు వచ్చింది గానీ విత్తనం ఇంకా వేయలేదనుకోండి, అప్పుడు ఆ మాట అడగవచ్చు. ఎందుకంటే కొనే మనిషి వద్దనుకుంటే అడ్వాన్సు తీసుకుని ఇంకో చోటికి వెళ్లే వ్యవధి ఉంటుంది. ఇక్కడ ఆ వ్యవధి లేదు. నారు మన చేతిలో ఉంది, పొలం తడి మీద ఉంది. ఇలాంటప్పుడు "మీ ఇష్టం, రూపాయి ఇవ్వగలరా" అని ఎంత మెత్తగా అడిగినా, అది మెడ మీద కత్తి పెట్టి అడిగినట్టే అతనికి వినిపిస్తుంది. ఆవిడకు ఇది వెంటనే తట్టింది. ఆయన ఒప్పుకోవడానికి రాత్రంతా పట్టింది.

అనుభవం ఉన్న రైతు సంగతి వేరు. పోయిన ఏడాది ఇదే నర్సరీలో 1 రూపాయి 20 పైసలకు కొన్న రసీదు ఉంది. ఎప్పుడూ 25 వేలు కొనే మనిషి ఈసారి 60 వేలు అన్నాడు. ఆర్డరు ఒక్కసారిగా పెరగడం, ధర గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం చూస్తే ధరలో తప్పుందని అనుమానం వచ్చే ఉంటుందని నాకు అనిపించింది. కాకపోవచ్చు కూడా. నిజంగా ధర తగ్గిందనుకుని బంధువులకు కూడా కలిపి చెప్పి ఉండవచ్చు. అందుకే ఈ అనుమానం మన నిర్ణయం వరకే పనికొస్తుంది, లేఖలోకి రాకూడదు. అతనికి రెండు రోజుల్లోనే చెబుతున్నాం, అతను రూపాయి ఖర్చు పెట్టలేదు, నాట్లకు ఇంకా నెలన్నర ఉంది. అవి చాలు.

చట్టం ఏమంటుంది

భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, ఇలాంటి బేరాలకు అదే వర్తిస్తుంది. దాని ఐదో సెక్షన్ ప్రకారం, అవతలి మనిషి ఒప్పుకున్నట్టు జవాబు పంపక ముందు మనం చెప్పిన ధరను వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పుకున్నాక అంత తేలిక కాదు. ఇద్దరూ ముఖ్యమైన ఒక విషయంలో పొరపడితే ఆ ఒప్పందం చెల్లదని ఇరవయ్యో సెక్షన్ చెబుతుంది. ఒక్కరే పొరపడితే, ఆ ఒక్క కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు రాదని ఇరవైరెండో సెక్షన్ చెబుతుంది. అంటే "నేను తప్పు టైపు చేశాను" అన్న మాట ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. అవతలి మనిషికి అది పొరపాటని తెలిసి కూడా పట్టుకుపోయాడని చూపించగలిగితే అతని వాదన బలం తగ్గుతుంది. కానీ తెలుసని చూపించడం మీ పని, అది కష్టం.

కొన్నది రైతే కదా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేడని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. విత్తనం కొన్న రైతులు వినియోగదారులే అని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పెద్ద మొత్తాల్లో గొడవ వస్తే లేఖ పంపే ముందే వకీలుకు చూపించండి. పది ఇరవై వేల బేరానికి ఎవరూ కోర్టు మెట్లు ఎక్కరు గానీ, రాసిన మాటకు విలువ ఉందని తెలుసుకుని రాయడం మంచిది.

యువరైతుకు రాసిన లేఖ

ముందు ఫోన్ చేయించాను. ఇలాంటి కబురు కాగితం మీదే మొదట తెలిస్తే మనిషి నొచ్చుకుంటాడు. ఫోన్లో మాట్లాడిన గంటలోపే లేఖ పంపాలి. మాట్లాడినదాన్ని ఇద్దరూ రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటారు కాబట్టి కాగితం అవసరం. నర్సరీ బిల్లు పుస్తకం కాగితం మీద చేత్తో రాసి, సంతకం చేసి, ఫొటో తీసి పంపారు. అసలు కాగితం నారుతో పాటు ఇచ్చారు.

"తేదీ: జులై 29

… గారికి నమస్కారం.

జూన్ 18న మీకు పంపిన మెసేజులో మిరప నారు ధర మొక్కకు 50 పైసలు అని తప్పుగా రాశాం. అది రైతు సొంత విత్తనం ఇచ్చినప్పుడు మేం తీసుకునే పెంపకం ఖర్చు. మా విత్తనంతో పెంచిన నారు ధర 1 రూపాయి 30 పైసలు. పొరపాటు మాది. దీన్ని మేం నెలకు పైగా గమనించలేదు, అందుకు క్షమించండి.

మీరు ఆ ధర నమ్మి అడ్వాన్సు ఇచ్చారు, పొలం సిద్ధం చేసుకున్నారు. అందుకని మీరు చెప్పిన 24,000 మొక్కలను 50 పైసల చొప్పున మొత్తం 12,000 రూపాయలకే ఇస్తున్నాం. మీరిచ్చిన అడ్వాన్సు 3,000 పోను నారు తీసుకెళ్లే రోజు 9,000 రూపాయలు ఇస్తే చాలు.

పోగుంటలు నింపడానికి గానీ, ఇంకో పొలానికి గానీ 24,000కు మించి కావలసిన మొక్కలకు 1 రూపాయి 30 పైసల ధర వర్తిస్తుంది. జులై 31 ఉదయం 6 గంటలకు ట్రేలు సిద్ధంగా ఉంటాయి.

ఇట్లు,
(సంతకం)"

ఈ లేఖ మొదటి చిత్తులో ఆయన మూడు మాటలు ఎక్కువ రాశాడు. "మా అబ్బాయి తెలియక చేశాడు" అన్నది ఒకటి. కొన్నవాళ్లకు అబ్బాయితో పని లేదు, నర్సరీతోనే పని. తీసేయించాను. "మాకు 12 వేల నష్టం వస్తున్నా మీ కోసం ఇస్తున్నాం" అన్నది రెండోది. ఇచ్చేది ఇచ్చి రుణం కూడా మోపినట్టు అవుతుంది, క్షమాపణ కాస్తా దెప్పిపొడుపుగా మారిపోతుంది. ఆ ముక్క కొట్టేస్తుంటే ఆయన మొహం చూడాలి. మూడోది "మీకూ తెలిసే ఉంటుంది" అన్నది. ఆ ఒక్క ముక్కతో లేఖంతా పాడైపోయేది.

ఉంచవలసినవి మాత్రం కచ్చితంగా ఉంచాలి. తప్పు ధర ఎంత, సరైన ధర ఎంత, ఈ మనిషి కట్టవలసిన మొత్తం ఎంత, ఎన్ని మొక్కల వరకు, ఎప్పుడు. మొక్కల సంఖ్య రాయకపోతే "50 పైసలకే ఇస్తామన్నారు" అని ఆగస్టులో మళ్లీ పది వేలు అడగడానికి వీలుంటుంది. అడిగితే అది అతని తప్పు కాదు.

బిల్లు విషయంలో ఒక జాగ్రత్త. 24,000 × 0.50 = 12,000 అని బిల్లు రాయవద్దన్నాను. మొదటి వరుసలో 24,000 మొక్కలు 1 రూపాయి 30 పైసల చొప్పున 31,200 అని, కింద "ధర తప్పు చెప్పినందుకు తగ్గింపు 19,200" అని, ఆ కింద కట్టవలసినది 12,000 అని, అడ్వాన్సు 3,000 తీసేస్తే బాకీ 9,000 అని రాయించాను. ఎందుకంటే బిల్లు ఊళ్లో నలుగురు చూస్తారు. 50 పైసలు అని కనిపిస్తే ఆ నర్సరీ ధరే అది అయిపోతుంది. తగ్గింపు ఎందుకిచ్చారో బిల్లు మీదే ఉంటే కొత్తగా వచ్చేవాళ్లకు ఏమీ చెప్పుకోనవసరం లేదు.

అనుభవం ఉన్న రైతుకు రాసిన లేఖ

ఇది కాదని చెప్పే లేఖ కాబట్టి ఇంకా జాగ్రత్తగా రాయాలి. ఇందులో మాకు కలిసొచ్చింది ఏమిటంటే, 50 పైసలు అన్నది గాలిలోంచి వచ్చిన అంకె కాదు. విత్తనం తెచ్చుకుంటే అది నిజమైన ధరే. కాబట్టి "ఇవ్వం" అనకుండా, ఏ షరతు మీద ఆ ధర వర్తిస్తుందో చెప్పి అతన్నే ఎంచుకోమన్నాం.

"తేదీ: జులై 28

… గారికి నమస్కారం.

జులై 26న మీరు 60,000 మిరప మొక్కలు చెప్పారు. మేం పంపిన మెసేజులో 50 పైసల ధర తప్పుగా పడింది. 'రైతు విత్తనం ఇస్తే' అన్న మాట మా పొరపాటు వల్ల అందులో లేదు. మీకు ఇబ్బంది కలిగినందుకు క్షమించండి. మీ నారుకు ఇంకా విత్తనం వేయలేదు. మీ దగ్గర మేం అడ్వాన్సు ఏమీ తీసుకోలేదు.

మా విత్తనంతో అయితే మొక్కకు 1 రూపాయి 30 పైసలు, 60,000 మొక్కలకు మొత్తం 78,000 రూపాయలు. విత్తనం మీరే తెచ్చి ఇస్తే మొక్కకు 50 పైసలు, మొత్తం 30,000 రూపాయలు. ఈ రెండింటిలో మీకు ఏది అనుకూలమో, లేక వేరే చోట చూసుకుంటారో జులై 31 సాయంత్రంలోపు చెప్పండి. ఆగస్టు 1న విత్తనం వేస్తే సెప్టెంబరు రెండో వారానికి నారు చేతికి వస్తుంది. అప్పటిదాకా ట్రేలు మీ కోసం ఉంచుతాం.

ఇట్లు,
(సంతకం)"

గడువు తేదీ ఎందుకు పెట్టామో లేఖలోనే ఉంది చూడండి. కారణం లేకుండా "మూడు రోజుల్లో చెప్పాలి" అంటే బెదిరింపులా ఉంటుంది. విత్తనం వేసే రోజు, నారు వచ్చే రోజు చెబితే రైతుకు రైతు చెప్పిన మాటలా ఉంటుంది. ఈ లేఖ మొదటిదానికంటే ఒక రోజు ముందే వెళ్లింది. ఇవ్వకూడదని అనుకున్న ధర గురించి ఎంత త్వరగా చెబితే అంత మంచిది, ఆలస్యమయ్యే ప్రతిరోజూ అవతలి మనిషి ఆ ధర నమ్మి ఏదో ఒక పని చేసుకుంటూ ఉంటాడు. రెండోదానికి మాత్రం ఆ దంపతులకు ఒక రాత్రి ఆలోచించుకునే అవకాశం ఇచ్చాను.

ఒక్క మాట. విత్తనం రైతు తెచ్చి ఇచ్చే పద్ధతికి అతను ఒప్పుకుంటే, మొలక శాతం ఎవరి బాధ్యతో ముందే కాగితం మీద రాసుకోవాలి. ప్యాకెట్ల రకం పేరు, లాటు నంబరు, ఎన్ని ప్యాకెట్లో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, ఖాళీ ప్యాకెట్లు పారేయకూడదు. ధర గొడవ ఒకటి తీరిందనుకుంటే మొలక గొడవ ఇంకొకటి మొదలవుతుంది.

తర్వాత ఏం జరిగింది

అనుభవం ఉన్న రైతు ఫోన్లో గట్టిగానే మాట్లాడాడు. "మెసేజు నా దగ్గర ఉంది, నలుగురిలో చూపిస్తా" అన్నాడు. చూపించుకోండి, దానితోపాటు ఈ లేఖ కూడా చూపించండి అని చెప్పమన్నాను. మర్నాడు 25 వేల మొక్కలకు 1 రూపాయి 30 పైసల ధరకే అడ్వాన్సు పంపాడు. అంటే తనకు ఎప్పుడూ కావలసినన్నే. మిగతా 35 వేల గురించి మళ్లీ ఎత్తలేదు.

యువరైతు జులై 31న ట్రాలీ తెచ్చుకుని 9 వేలు ఇచ్చి నారు తీసుకెళ్లాడు. లేఖ చదివి జేబులో పెట్టుకున్నాడట, ఏమీ అనలేదట. ఆయనకు కొంచెం చిన్నతనంగా అనిపించింది, ఒక థ్యాంక్స్ అయినా చెప్పలేదే అని. పది రోజులకు పోగుంటల కోసం మళ్లీ వచ్చి 800 మొక్కలు తీసుకున్నాడు. 1 రూపాయి 30 పైసల చొప్పున 1,040 రూపాయలు అడగకుండానే లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆ నర్సరీ వాళ్లు ఇప్పుడు మెసేజు పద్ధతి మార్చారు. ధరల జాబితా పంపినా, ఆర్డరు రాగానే ఆ మనిషి పేరుతో వేరే మెసేజు పెడతారు: "24,000 మొక్కలు, విత్తనం మాది, మొత్తం 31,200 రూపాయలు, సరేనా?" మొక్కకు ఎన్ని పైసలు అన్న దగ్గర కన్ను జారిపోతుంది గానీ, మొత్తం రూపాయల్లో కనిపిస్తే తప్పు రాసినవాళ్లకూ చదివినవాళ్లకూ వెంటనే తెలిసిపోతుంది. "సరే" అని జవాబు వచ్చాకే ట్రేలు నింపుతారు. మెసేజులు పంపేది ఇప్పటికీ ఆ అబ్బాయే.